నిమిషానికి ఎంత, మాటకు ఎంత, పేజీకి ఎంత: అనువాదం, ట్రాన్స్‌క్రిప్షన్ పనికి రేటు కట్టడం ఎలా

"మొత్తం 12 ఇంటర్వ్యూలండి, 540 నిమిషాల ఆడియో. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులవి. తెలుగులో టైపు చేసి ఇవ్వాలి. ఒక నాలుగింటికి ఇంగ్లిషు అనువాదం కూడా కావాలి. నిమిషానికి ఎంత తీసుకుంటారు?"

ఇలాంటి మెసేజ్ రాగానే ఏదో ఒక అంకె చెప్పేయాలనిపిస్తుంది. ఆలస్యం చేస్తే పని ఇంకొకరికి పోతుందేమోనని టెన్షన్. మొదటిసారి నేనూ అదే చేశాను. పాలకొల్లులో మేడమీద గదిలో కూర్చుని, ఆడియో ఒక్క ముక్క కూడా వినకుండా, నిమిషానికి 15 రూపాయలన్నాను. ఆరు గంటల ఆడియోకి 5,400 రూపాయలు. నాలుగు రోజుల్లో అయిపోతుందనుకున్న పని 48 గంటలు తినేసింది. గంటకు 112 రూపాయలు పడింది. కరెంటు బిల్లు, ఇంటర్నెట్టు, మెడ నొప్పికి రాసుకున్న బామ్ అన్నీ అందులోనే. క్లయింటును అనడానికి ఏమీ లేదు. వాళ్లు అడిగారు, నేను చెప్పాను, చెప్పినంతా ఇచ్చారు.

పైన చెప్పిన 12 ఇంటర్వ్యూల పనినే తీసుకుని, రేటు ఎలా కట్టాలో చివరిదాకా చేసి చూపిస్తాను. ఇందులో అంకెలు నావి. మీకు వేరే అంకెలు వస్తాయి, రావాలి కూడా.

ముందు మీ గంట ఖరీదు తేల్చుకోండి

మాట, నిమిషం, పేజీ అనేవి బిల్లు వేయడానికి పెట్టుకున్న కొలతలు. మీరు అమ్మేది మాత్రం మీ గంటలే. కాబట్టి ఏ కొలతలో అడిగినా లెక్క గంట నుంచే మొదలవ్వాలి.

నెలకు చేతిలో 30,000 మిగలాలనుకుందాం. ఇంటర్నెట్టు, కరెంటు, ఇన్వర్టరు బ్యాటరీ, అప్పుడప్పుడూ కొనే హెడ్‌ఫోన్, నాలుగైదేళ్లకోసారి మార్చే ల్యాప్‌టాప్, వీటన్నిటినీ నెలల మీద పంచితే ఇంకో 6,000 అనుకోండి. మొత్తం 36,000. దీన్ని ఎన్ని గంటలతో భాగించాలన్న దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఉద్యోగస్తుల్లా రోజుకు ఎనిమిది గంటలు, 25 రోజులు, మొత్తం 200 గంటలు అనేసుకుంటారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని రోజుకు ఎనిమిది గంటలు వినడం కుదిరే పని కాదు. ఐదు గంటలు దాటాక విన్న మాటనే మూడుసార్లు వినాల్సి వస్తుంది, తప్పులు కూడా అప్పుడే పడతాయి. ఐదు గంటల చొప్పున 22 రోజులకు 110 గంటలు. అందులో బేరాలకు, బిల్లులు పంపడానికి, డబ్బుల కోసం గుర్తు చేయడానికి, పని లేకుండా గడిచే రోజులకు 20 గంటలు తీసేయండి. మిగిలేది 90. 36,000ని 90తో భాగిస్తే గంటకు 400. నిమిషం పనికి 6 రూపాయల 67 పైసలు.

ఈ అంకె క్లయింటుకు చెప్పేది కాదు. మీ దగ్గరే ఉంచుకోండి.

ఆడియో తెప్పించుకుని మధ్యలోంచి వినండి

"శాంపిల్ పంపండి" అంటే క్లయింట్లు చాలావరకు మొదటి ఫైలు ఒక్కటే పంపుతారు. దాని మొదటి ఐదు నిమిషాలు విని రేటు చెబితే మోసపోతారు. ఇంటర్వ్యూ ఎప్పుడూ ఇంటి అరుగు మీదో, హాల్లోనో, కాఫీ తాగుతూ మొదలవుతుంది. పేరేమిటి, ఎన్ని ఎకరాలు, ఎన్నాళ్ల నుంచి చేస్తున్నారు, ఒకరి తర్వాత ఒకరు, చక్కగా వినిపిస్తుంది. పావుగంటయ్యాక రైతు "రండి, చెరువు చూపిస్తాను" అంటాడు. అక్కడి నుంచి ఏరియేటర్ల టపటప. నీళ్లను కొట్టే ఆ చక్రాల చప్పుడు మనిషి గొంతు మీదే పడుతుంది. ప్రశ్న వినిపిస్తుంది, ఎందుకంటే ఫోన్ ప్రశ్న అడిగే మనిషి చేతిలో ఉంది. జవాబు వినిపించదు.

అందుకని ఫైళ్లన్నీ అడగండి. గోప్యం అంటే మూడైనా అడగండి. ప్రతి ఫైలులో మూడు చోట్ల, ఒక్కో నిమిషం చొప్పున వినండి. మొదట్లో ఒకటి, సగంలో ఒకటి, చివర్లో ఒకటి. 12 ఫైళ్లకు 36 నిమిషాలు పడుతుంది. ఈ పనికి ఎవరూ డబ్బివ్వరు, కానీ నేను ఇది మానేసిన ప్రతిసారీ అంతకు పదింతలు పోగొట్టుకున్నాను.

అలా విన్నాక ఈ 12 ఫైళ్లు మూడు రకాలుగా తేలాయి. ఇంట్లో కూర్చుని ఒకరే మాట్లాడినవి ఐదు, 220 నిమిషాలు. చెరువు గట్టు మీద ఏరియేటర్ల మధ్య తీసినవి నాలుగు, 170 నిమిషాలు. భార్య, భర్త, పక్క చెరువాయన ముగ్గురూ ఒకేసారి మాట్లాడేవి మూడు, 150 నిమిషాలు.

ఐదు నిమిషాలు నిజంగా టైపు చేయండి

ఒక్కో రకం నుంచి ఒక ఫైలు తీసుకుని, మధ్యలో ఐదు నిమిషాల ముక్కను పూర్తిగా టైపు చేయండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. వెనక్కి తిప్పి వినడం, తెలియని మాట ఎవరినైనా అడగడం, టైపు చేసింది చూస్తూ మళ్లీ ఒకసారి వినడం, అన్నీ లెక్కలోకి రావాలి. టైపు అయిపోగానే వాచ్ ఆపేస్తే సరిచూసే సమయం లెక్కలోంచి జారిపోతుంది. మొత్తం పనిలో అది తక్కువేమీ కాదు.

నాకు వచ్చినవి ఇవి. ఇంట్లో తీసిన ఐదు నిమిషాలకు 28 నిమిషాలు పట్టింది, అంటే ఒక నిమిషం ఆడియోకి 5.6 నిమిషాల పని. గట్టు మీద తీసిన ఐదు నిమిషాలకు 52, అంటే 10.4. ముగ్గురు మాట్లాడిన దానికి 45, అంటే 9.

ఇక గుణించడమే. 220 నిమిషాలకు 1,232 నిమిషాల పని, 170కి 1,768, 150కి 1,350. మొత్తం 4,350 నిమిషాలు, అంటే 72 గంటల 30 నిమిషాలు. గంటకు 400 చొప్పున 29,000 రూపాయలు. ఫైళ్లకు పేర్లు పెట్టడం, క్లయింటు ప్రశ్నలకు జవాబులు, చిన్నాచితకా సవరణలు, వీటికి పది శాతం కలపండి. 31,900 అవుతుంది. 540తో భాగిస్తే నిమిషానికి 59. నోటికి తిరిగేలా 60 అనండి.

ఇప్పుడు ఆ 15 రూపాయల రేటు ఎంత దూరంలో ఉందో చూడండి.

గడువు కూడా ఈ లెక్కలోనే తేలిపోతుంది. పది శాతంతో కలిపి 80 గంటలు, రోజుకు ఐదు గంటలంటే 16 రోజులు. "పది రోజుల్లో కావాలి" అంటే రోజుకు ఎనిమిది గంటలు వినాలి. అది కుదరదని ముందే అనుకున్నాం. అలాంటప్పుడు సగం ఫైళ్లు ఇంకొకరికి ఇవ్వాలి, వాళ్లు చేసింది మీరు సరిచూడాలి. ఆ సరిచూసే గంటలు రేటుకు కలుస్తాయి. అర్జంటుకు ఎక్కువ అడిగేది అందుకే, అది దురాశ కాదు.

ఒకే రేటా, మూడు రేట్లా?

క్లయింట్లకు ఒకే రేటు ఇష్టం. వాళ్ల ఆఫీసులో అకౌంట్స్‌వాళ్లకు చెప్పడం తేలిక. నేనూ మొదట్లో 60 లాంటి ఒకే అంకె చెప్పేవాణ్ని. ఒకసారి ఏమైందంటే, అలాంటి సరాసరి రేటుకు ఒప్పుకున్నాక, తేలికైన ఫైళ్లు వాళ్ల ఆఫీసులో ఉన్న కుర్రాడు చేసేశాడు. నాకు వచ్చినవన్నీ చెరువు గట్టు ఫైళ్లే. ఈ పనిలోనే అలా జరిగితే ఎంత పోతుందో చూడండి. మిగిలిన 320 నిమిషాలకు 60 చొప్పున 19,200 వస్తుంది. నిజంగా రావాల్సింది, ఆ పది శాతం కూడా కలిపితే, గట్టు ఫైళ్లకు నిమిషానికి 76, ముగ్గురు మాట్లాడిన ఫైళ్లకు 66, కలిపి 22,820. మూడున్నర వేల పైచిలుకు గాలికి పోయినట్టే.

అందుకని రెండు దారుల్లో ఒకటి ఎంచుకోండి. ఇంట్లోవి 41, గట్టువి 76, గుంపువి 66 అని మూడు రేట్లు చెప్పండి. లేదా 60 చెప్పి, "ఈ రేటు 12 ఫైళ్లూ కలిపి ఇస్తేనే" అని రాతలో పెట్టండి. రైతుల ఇంటర్వ్యూలకు నాకు రెండోదే నచ్చుతుంది. మూడు రేట్లంటే ఏ ఫైలు ఏ రకమో తేల్చుకోవడానికే రెండు రోజులు వాదించుకోవాలి.

ఎంత తు.చ. తప్పకుండా రాయాలో అడగండి

ఇది అడగకుండా రేటు చెప్పకూడదు. ముఖ్యంగా మన గోదావరి మాటకు. ఒక రైతు నిజంగా అన్నది ఇలా ఉంటుంది:

"ఆయ్, అదేనండి... మరి మొన్న, మొన్న కాదండి అటు మొన్న, ఏరియేటరండి, ఏరియేటరు ఆగిపోయిందండి, కరెంటు పోయి."

శుభ్రం చేసి రాస్తే ఇలా అవుతుంది:

"అటు మొన్న ఏరియేటరు ఆగిపోయిందండి, కరెంటు పోయి."

రెండూ సరైనవే, ఎవరికి ఏది కావాలన్నదే తేడా. భాష మీద పరిశోధన చేసేవాళ్లకు మొదటిది కావాలి. ఆ "ఆయ్", ఆ "మొన్న కాదండి" వాళ్లకు విలువైన సరుకు. రొయ్యల పెంపకం గురించి నివేదిక రాసేవాళ్లకు రెండోది చాలు. మొదటి రకం రాయడానికి నాకు దాదాపు నాలుగో వంతు ఎక్కువ సమయం పడుతుంది, ఎందుకంటే ప్రతి తడబాటు దగ్గరా ఆపి, వెనక్కి తిప్పి, నిజంగా అన్నాడా లేదా అని చూడాలి. నా 28, 52, 45 నిమిషాల లెక్క రెండో రకానిది. పని సగమయ్యాక "అన్నీ ఉన్నదున్నట్టు కావాలి" అంటే 60 కాస్తా 75 అవ్వాలి. ముందు రాసుకోకపోతే అవ్వదు.

ఊళ్లోవాళ్లం కావడం వల్ల మనకు కలిసొచ్చేది ఇక్కడే. ఇంటర్వ్యూలో "పట్టుబడి" అంటే రొయ్యలు పట్టి అమ్మడమని మనకు తెలుసు. బయటివాళ్లు పోలీసులు వచ్చారనుకోవచ్చు. "అరవై కౌంటు" అంటే కిలోకు అరవై రొయ్యలు తూగుతాయని, కాబట్టి వంద కౌంటు కంటే అవి పెద్దవని, ధర కూడా ఎక్కువని మనం వెతుక్కోనక్కర్లేదు. దాళ్వా, సార్వా, లంక, మెరక, ఇవేవీ ఆగి అడిగే మాటలు కావు. "మీకు తెలిసిన విషయమే కదా, తొందరగా అయిపోతుంది, తగ్గించండి" అని అడిగేవాళ్లు తగులుతారు. తెలిసి ఉండటం వల్ల తప్పులు తగ్గుతాయి, అది వాళ్లకు లాభం. వేగంగా అవ్వడం మీ ఐదు నిమిషాల పరీక్షలో ఇప్పటికే లెక్కకొచ్చేసింది. రెండోసారి తగ్గించాల్సిన పని లేదు.

ఇక అనువాదం: ఏ భాష మాటలు లెక్కపెడతారు?

మాటకు ఇంత అని బేరమాడేటప్పుడు అంకె కంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. తెలుగులో మాటలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇంగ్లిషులో విడివిడిగా నిలబడతాయి.

"నన్ను చెరువులోకి దిగనివ్వలేదు." మూడు మాటలు. దీన్నే ఇంగ్లిషులో పెడితే "దే డిడ్ నాట్ లెట్ మీ గెట్ ఇన్‌టు ద పాండ్", తొమ్మిది మాటలు. ప్రతి వాక్యమూ మూడింతలు అవ్వదనుకోండి. కానీ నా ఇంటర్వ్యూల్లో 500 తెలుగు మాటలు ఇంగ్లిషులో 760 దాకా అవుతున్నాయి, అంటే ఒకటిన్నర రెట్లు.

ఆ 500 మాటల ముక్కను అనువదించి సరిచూడటానికి నాకు రెండుంపావు గంటలు పట్టింది. గంటకు 400 చొప్పున 900 రూపాయలు. తెలుగు మాటల మీద లెక్కేస్తే మాటకు రూపాయి 80 పైసలు. ఇంగ్లిషు మాటల మీద లెక్కేస్తే రూపాయి 18 పైసలు. పనీ ఒకటే, డబ్బూ ఒకటే, అంకెలు మాత్రం రెండు.

అనువదించాల్సిన నాలుగు ఇంటర్వ్యూలు కలిపి 160 నిమిషాలు. నిమిషానికి సుమారు 85 తెలుగు మాటలు చొప్పున 13,600 మాటలు. రూపాయి 80 పైసల లెక్కన 24,480 రూపాయలు. ఇప్పుడు మీరు మనసులో ఇంగ్లిషు మాటలు పెట్టుకుని "మాటకు రూపాయి 20" అని చెప్పారనుకోండి. పని అయ్యాక వాళ్లు తెలుగు ఫైలు తెరిచి మాటలు లెక్కపెడితే వచ్చేది 16,320. ఎనిమిది వేల రూపాయల తేడా. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఏ భాష మాటలో ఎవరూ రాయలేదు, అంతే.

ఇంగ్లిషు నుంచి తెలుగులోకి అయితే ఇదే తిరగబడుతుంది. వెయ్యి మాటల ఇంగ్లిషు కరపత్రం తెలుగులోకి వచ్చేసరికి ఎప్పుడూ బాగా తగ్గిపోతుంది. అక్కడ తెలుగు మాటల మీద డబ్బు ఒప్పుకుంటే, చక్కగా, బిగువుగా రాసినకొద్దీ మీకే నష్టం.

మామూలుగా నేను మూలంలోని మాటల మీదే రేటు చెబుతాను. పని మొదలవ్వకముందే మొత్తం ఎంతో ఇద్దరికీ తెలుస్తుంది, తర్వాత గొడవ ఉండదు. కానీ ఇక్కడ చిన్న చిక్కుంది. మూలం ఆడియో, దాన్ని తెలుగులో టైపు చేసేదీ మీరే. వర్డ్ ఫైలు మాటలను మధ్యలో ఉన్న ఖాళీని బట్టే లెక్కపెడుతుంది. "వేసుకున్నామండి" అని రాస్తే ఒక మాట, "వేసుకున్నాము అండి" అని విడదీస్తే రెండు. "చెయ్యవలసివచ్చింది" ఒకటి, "చెయ్యవలసి వచ్చింది" రెండు. ప్రతి వాక్యం చివరా "అండి" ఉండే మన ఇంటర్వ్యూల్లో ఆ ఒక్క మాటను విడదీస్తేనే లెక్క ఎంత పెరుగుతుందో చూడండి. మీరు కావాలని చేయకపోయినా క్లయింటుకు అనుమానం రావచ్చు. కాబట్టి టైపు చేసిందీ, అనువదించిందీ మీరే అయినప్పుడు ఇంగ్లిషు మాటల మీద బిల్లు వేయడం మర్యాదగా ఉంటుంది. లేదంటే ఆడియో నిమిషం మీదే అనువాదానికీ రేటు చెప్పండి: 24,480ని 160తో భాగిస్తే నిమిషానికి 153. ఆడియో నిడివిలో వాదన ఉండదు.

పేజీ లెక్క ఎప్పుడు?

పేజీకి ఇంత అనే బేరం ఇంటర్వ్యూలకు రాదు, కాగితాలకు వస్తుంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలకు పంపడానికి పాత దస్తావేజు పట్టుకొస్తారు. "మూడు పేజీలే బాబూ" అంటారు. స్టాంపు కాగితం మీద రెండు పక్కలా, సన్నటి చేతిరాతతో, "యకరములు", "హద్దులు", "తూర్పు ఫలానావారి మెరక" అంటూ కిక్కిరిసి ఉంటుంది. వాళ్ల మనసులో ఉన్నది రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా డీటీపీ షాపులో పేజీకి తీసుకునే రేటు.

పేజీ అంటే ఏమిటో మీరే చెప్పండి. ఇంగ్లిషులో 250 మాటలైతే ఒక పేజీ అని నేను చెబుతాను. అలాంటి మూడు కాగితాలు ఇంగ్లిషులో 1,150 మాటలైతే 4.6 పేజీలు, బిల్లు ఐదు పేజీలకు. చేతిరాత చదవడానికి పట్టే సమయం ఒక కాగితం చదివి చూశాకే తెలుస్తుంది, కాబట్టి చూడకుండా ఫోన్‌లో రేటు చెప్పకండి. నోటరీ ఫీజు వేరని ముందే చెప్పండి. పుట్టిన తేదీ సర్టిఫికెట్ లాంటి చిన్న కాగితానికి కనీసం ఇంత అని ఒక అంకె ఉండాలి. అరవై మాటలని 70 రూపాయలు తీసుకుంటే, పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు స్పెల్లింగు అడిగి సరిచూడటానికి చేసిన రెండు ఫోన్‌లకే ఆ సమయం అయిపోతుంది. నా కనీసం ఒక గంట ఖరీదు, 400.

రేటు పంపేటప్పుడు రాతలో పెట్టాల్సినవి

ఈ పనికి నేను పంపిన మెసేజ్ దాదాపు ఇలాగే ఉంది:

"మేడమ్, 12 ఫైళ్లూ విన్నానండి. తెలుగు ట్రాన్స్‌క్రిప్షన్‌కు ఆడియో నిమిషానికి 60 రూపాయలు, 540 నిమిషాలకు 32,400. ఈ రేటు 12 ఫైళ్లూ కలిపి ఇస్తేనే. నిమిషాలంటే ఫైలు మొత్తం నిడివి, మధ్యలో మౌనం ఉన్నా సరే. ఆ, ఊ లాంటివి, తడబాట్లు తీసేసి రాస్తాను. ఉన్నదున్నట్టు కావాలంటే 75 అవుతుంది. మూడుసార్లు విన్నా అర్థం కాని చోట సమయంతో సహా 'వినబడలేదు' అని గుర్తు పెడతాను. నాలుగు ఫైళ్ల ఇంగ్లిషు అనువాదం ఆడియో నిమిషానికి 153, 160 నిమిషాలకు 24,480. నా పొరపాట్లు ఉంటే పదిహేను రోజుల్లోపు ఉచితంగా దిద్దుతాను. రాసే తీరు మార్చమంటే అది కొత్త పని. ట్రాన్స్‌క్రిప్షన్‌కు 16 పని రోజులు, ఆ తర్వాత అనువాదానికి 13. మూడో వంతు అడ్వాన్సు."

ఇందులో 'వినబడలేదు' అన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నాకు బాగా అక్కరకొచ్చేది అదే. అది లేకపోతే ఏరియేటరు చప్పుడు కింద దాగిన ఒక్క మాట కోసం ఇరవై నిమిషాలు కూర్చుంటారు. ఎన్నిసార్లు వింటారో ముందే చెబితే ఎక్కడ ఆగాలో మీకూ తెలుస్తుంది.

సంస్థలు ఫీజులో పది శాతం టీడీఎస్ పట్టుకుని మిగతాది వేయడం మామూలే. మొత్తం 56,880లో 5,688 అలా ఆగి, ఖాతాలో 51,192 పడుతుంది. ఆగినది మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్ను వేసేటప్పుడు లెక్కకొస్తుంది. అయితే ఆ నెల ఇంటి ఖర్చుకు మాత్రం దాన్ని లెక్కపెట్టుకోకండి.

మూడో ఫైలు అయ్యాక ఆగి చూడండి

పని మొదలయ్యాక ఒక కాగితం మీద ఫైలు పేరు, ఆడియో నిమిషాలు, పట్టిన నిమిషాలు రాస్తూ పోండి. మూడు ఫైళ్లు అయ్యాక మీ అంచనాతో పోల్చండి. పది, పదిహేను శాతం ఎక్కువైతే ఊరుకోండి, ఇంకో చోట తగ్గుతుంది. అంతకంటే మించితే అప్పుడే ఫోన్ చేయండి. అన్నీ ఇచ్చేశాక చెబితే సాకులా ఉంటుంది.

ఈ పనిలో గట్టు ఫైళ్లలో ఒకటి నిమిషానికి 10.4 బదులు 15 దాకా పోయింది. 42 నిమిషాల ఫైలులో చివరి 18 నిమిషాల్లో చాలాసేపు ఏరియేటర్లకు తోడు జనరేటరు కూడా నడిచింది. నేను మూడు చోట్ల విన్న నిమిషాల్లో చివరిది సరిగ్గా జనరేటరు ఆపిన తర్వాతది. ఆ ముక్కలో నిమిషానికి రెండు మూడు 'వినబడలేదు'లు పడుతున్నాయి. టైపు చేసినంత వరకూ పంపించి, క్లయింటు మేడమ్‌కు ఫోన్‌లో ఆ ముక్క వినిపించాను. "దీంట్లో ఉన్నవన్నీ ఆయన ఇంటి దగ్గర చెప్పినవేనండి, వదిలేయండి" అన్నారు. చేయని పదకొండు నిమిషాలు బిల్లులోంచి తీసేశాను. తగ్గింది 660 రూపాయలు, మిగిలింది ఒక పూట.